పుట్టగొడుగుల వేపుడులో నీళ్లు ఎందుకు ఊరతాయి, ముక్కలు ఎర్రగా ఎలా వేగుతాయి

ప్రశ్న: మష్రూమ్స్ వేపుడు చేద్దామంటే ప్రతిసారీ నీళ్లు ఊరిపోయి కూరలా తయారవుతోంది. రెండు ప్యాకెట్లు కోసి, ఉప్పు, పసుపు, కారం పట్టించి పది నిమిషాలు పక్కన పెట్టి, నాన్‌స్టిక్ పాన్‌లో వేసి మంట హైలో పెడతాను. అయినా రంగు రాదు. ముక్కలు చిన్నవైపోయి రబ్బరులా సాగుతున్నాయి. ఎర్రగా వేగాలంటే ఏం చేయాలి? మాది విశాఖ, ఎంవీపీ కాలనీ.

సమాధానం:

మీ పద్ధతిలో మంటకు పెద్దగా వంక పెట్టనక్కర్లేదండి. ఇబ్బందంతా పొయ్యి వెలిగించకముందే మొదలైంది. చేపముక్కలకు పట్టించినట్టు ఉప్పూ కారం పట్టించి ఉంచారు, ఆ తర్వాత రెండు ప్యాకెట్లూ ఒకేసారి పాన్‌లో పోశారు. ఈ రెండూ కలిస్తే ఇంట్లో ఉండే ఏ స్టౌ అయినా చేతులెత్తేస్తుంది. ఎందుకో లెక్క చూస్తే మీకే తెలుస్తుంది.

మనకు ప్యాకెట్లలో దొరికే తెల్ల బటన్ పుట్టగొడుగు బరువులో 90 శాతానికి పైగా నీరే. 200 గ్రాముల ప్యాకెట్ అంటే 180 గ్రాములకు పైగా నీళ్లు కొంటున్నట్టే. వేగేటప్పుడు ఈ నీరు బయటికి రాకుండా ఆపే ఉపాయం ఏదీ లేదు. వేడి తగలగానే లోపలి కణాల పొరలు తెగుతాయి, నీరు వదులుతుంది. కాబట్టి నీళ్లు రాకుండా చేయడం మన పని కాదు, వచ్చిన నీళ్లు వచ్చినట్టే ఆవిరైపోయేలా చూడటం మన పని. ఊరే వేగం ఆవిరయ్యే వేగం కన్నా తక్కువగా ఉంటే ముక్క వేగుతుంది, ఎక్కువైతే ఉడుకుతుంది. ఉప్పు ఎప్పుడు వేయాలి, ఒక్కసారికి ఎన్ని ముక్కలు వేయాలి, మంట ఎంత పెట్టాలి అన్న మూడు ప్రశ్నలకూ జవాబు ఇక్కడే ఉంది.

పాన్‌లో నీళ్లు నిలిచి ఉన్నంతసేపు ఆ ముక్కల చుట్టూ వేడి 100 డిగ్రీలు దాటదు. మీరు మంట ఎంత పెంచినా నీళ్లు ఇంకా గట్టిగా మరుగుతాయే తప్ప ఇంకా వేడెక్కవు. ముక్క ఎర్రబడి, కమ్మటి వేపుడు వాసన రావాలంటే దాని పైభాగం సుమారు 140 డిగ్రీలు దాటాలి. పుట్టగొడుగులోని అమైనో ఆమ్లాలూ చక్కెరలూ కలిసి రంగు మారే చర్య అక్కడి నుంచే చురుగ్గా సాగుతుంది. నీళ్లలో మునిగిన ముక్క ఆ వేడిని ఎప్పటికీ చూడదు. మీరు హైలో పెట్టినా రంగు రాకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు మీ రెండు ప్యాకెట్ల లెక్క. 400 గ్రాముల పుట్టగొడుగులు బాగా వేగి దిగేసరికి దాదాపు సగం బరువుకు వస్తాయి. అంటే 200 గ్రాముల నీరు, అంటే ఒక గ్లాసు నీళ్లు, పాన్‌లోంచి ఆవిరిగా పోవాలి. ఇళ్లలో వాడే గ్యాస్ స్టౌ పెద్ద బర్నర్ మీద, పక్కలకు పోయే వేడి పోగా, గిన్నెలోకి నిజంగా చేరేది సుమారు ఒక కిలోవాట్ అనుకుందాం. ఆ వేడితో నిమిషానికి 25 గ్రాములకు కాస్త అటూ ఇటూగా నీరు ఆవిరవుతుంది. ముక్కలు వేడెక్కడానికి రెండు నిమిషాలు, నీరు పోవడానికి ఎనిమిది నిమిషాలు. అంటే హైలో పెట్టి పది నిమిషాలు నిలబడినా మీరు చేసింది ఉడకబెట్టడమే. అసలు వేగడం ఆ తర్వాత మొదలవుతుంది. చాలామంది ఏడో నిమిషం దగ్గరే ఓపిక నశించి, 'ఇంతేలే' అనుకుని మసాలా చల్లి దింపేస్తారు. మీ రబ్బరు ముక్కలు ఆ దశలో దింపినవే. ఉడికి ముడుచుకున్నాయి కానీ పైన గట్టిపడే దాకా వెళ్లలేదు.

ఇక ఉప్పు సంగతి. మాగాయకు మామిడి ముక్కల్లో ఉప్పు కలిపి జాడీలో పెడితే తెల్లారేసరికి ఊట ఎలా తేలుతుందో, ఇక్కడా అదే జరుగుతుంది, కాకపోతే చాలా తొందరగా జరుగుతుంది. ఉప్పు ముందు ముక్క పైనున్న తడిలో కరిగి గాఢమైన ఉప్పునీరు అవుతుంది. కణాల లోపలి నీరు ఆ గాఢత వైపు, పొర దాటి బయటికి లాక్కుపోతుంది. పుట్టగొడుగుకు వంకాయకు ఉన్నట్టు మైనపు తొక్క లేదు. కోసిన ముఖమంతా తెరిచే ఉంటుంది. అందుకే పది నిమిషాలకే ప్లేటు ఒక పక్కకు వంచితే అడుగున నీళ్లు చేరతాయి. మీరు పాన్‌లో వేస్తున్నది ముక్కలనూ వాటి ఊటనూ కలిపి. పాన్‌లో ఉన్న వేడి అంతా ముందు ఆ నీటికే ఖర్చవుతుంది.

ఇక్కడ ఒక చిన్న అపోహ ఉంది. ఉప్పు వేస్తే పుట్టగొడుగులో నీరు ఎక్కువవుతుందని కొందరు అనుకుంటారు. ఎక్కువ కాదు. ఉప్పు వేసినా వేయకపోయినా మొత్తం మీద వచ్చే నీరు దాదాపు అంతే. తేడా అంతా వేళలో ఉంది. ఉప్పు లేకుండా వేడి పాన్ మీద పడ్డ ముక్కలో ముందు పాన్‌కు తగిలే ముఖం దగ్గరి నీరు బయటికొచ్చి అక్కడికక్కడే ఆవిరవుతుంది. ఆ ముఖం ఆరి రంగెక్కుతుంటే పై భాగం ఇంకా పచ్చిగానే ఉంటుంది, లోపలి నీరు కొద్దికొద్దిగా వస్తుంది. ఉప్పు పట్టిన ముక్క అలా వరస పాటించదు. అన్ని వైపుల నుంచీ, అన్ని ముక్కల నుంచీ ఒక్కసారే నీరు దిగుతుంది. పైగా ఆ నీటితో పాటు ముక్కలోని రుచి పదార్థాలు కూడా బయటికి పోతాయి. చివరికి నీళ్లు ఇంకినప్పుడు అవి పాన్ అడుగున గోధుమ రంగు పొరలా అంటుకుంటాయి. రంగు ముక్కకు రావాల్సింది పోయి గిన్నెకు వస్తుంది.

పసుపు, కారం ముందే పట్టించడంలో ఇంకో రెండు ఇబ్బందులున్నాయి. పసుపు రంగులో ముక్క వేగిందో లేదో కంటికి ఆనదు. నిజంగా ముక్క వేగాలంటే పాన్ ఎంత వేడిగా ఉండాలో ఆ వేడికి కారం ముందే మాడి ఘాటెక్కుతుంది. ఆ ఘాటుకు భయపడి మంట తగ్గిస్తాం, తగ్గించగానే నీళ్లు నిలుస్తాయి. పొడులన్నీ ఆఖర్న అనే నియమం అందుకే.

ఇప్పుడు పాన్‌లో రద్దీ గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఎక్కువ వేడి పెడితే చాలదా, చోటుతో పనేంటి అని అడుగుతారు. ముక్కలు ఒకదాని మీద ఒకటి పడితే కింది ముక్క వదిలిన ఆవిరి పైకి పోవడానికి దారి ఉండదు. పై ముక్కకు తగిలి చల్లబడి మళ్లీ నీరై కిందికి కారుతుంది. అంటే ఒకే నీటిని పదే పదే మరిగిస్తున్నాం. ఆవిరి తప్పించుకోవడానికి ముక్కల మధ్య ఖాళీ కావాలి. పక్కపక్కన ఆనుకుని పరిచినా చాలదు. మధ్యలో వేలు దూరే సందు అక్కడక్కడా కనపడాలి. పాన్ అడుగు భాగంలో మూడింట రెండు వంతులు నిండితే ఆపేయడం మంచి కొలత.

26 సెంటీమీటర్ల పాన్ అని అమ్మేదానికి పైన అంచు దగ్గర అంత వెడల్పు ఉంటుంది. అడుగున చదునుగా ఉండేది 20 సెంటీమీటర్లే ఉండొచ్చు. పుట్టగొడుగులను చిటికెన వేలంత కన్నా కాస్త తక్కువ మందాన, అంటే సుమారు 8 మిల్లీమీటర్ల మందాన కోస్తే, ఒక 200 గ్రాముల ప్యాకెట్ ముక్కలే ఆ అడుగును నింపి మీదికి పొర్లుతాయి. రెండు ప్యాకెట్లైతే రెండున్నర వరసలు. అలాంటి పాన్‌లో ఒక్కసారికి 100 గ్రాములు, అంటే సగం ప్యాకెట్, సరిగ్గా పడుతుంది. నాలుగు విడతలన్నమాట. వినడానికి విసుగ్గానే ఉంటుంది.

అందుకే ఈ పనికి మీ ఇంట్లో పాన్ కన్నా మంచి సాధనం ఒకటి ఉంది: అట్ల పెనం. 28 నుంచి 30 సెంటీమీటర్ల ఇనుప పెనం మీద ఒక ప్యాకెట్ మొత్తం ఒకే వరసలో సందులతో సహా సరిపోతుంది. గోడలు లేవు కాబట్టి ఆవిరి ఎటు కావాలంటే అటు పోతుంది. బరువైన ఇనుము వేడిని పట్టి ఉంచుతుంది, చల్లటి ముక్కలు పడగానే చప్పున చల్లారిపోదు. ముక్కలు తిప్పడానికి అట్లకాడ ఎలాగూ ఉంది. మూకుడు మాత్రం వద్దండి. కూరకు ఎంత బాగున్నా ఈ పనికి పనికిరాదు. గుండ్రటి అడుగు కాబట్టి ముక్కలన్నీ మధ్యలోకి జారి కుప్ప పడతాయి, నీరు కూడా అక్కడే చేరుతుంది. ఇక పెనానికి పుట్టగొడుగు వాసన పట్టి మర్నాడు అట్లకు అంటుతుందని ఇంట్లో అభ్యంతరం వస్తే, వేడి పెనం మీద నూనెలో ముంచిన ఉల్లిపాయ చెక్కతో రెండుసార్లు రుద్దేస్తే పోతుంది.

నాన్‌స్టిక్ తప్ప లేదంటే దానితోనూ అవుతుంది. ఖాళీగా హైలో ఎక్కువసేపు కాల్చకూడదు. మీడియంలో నిమిషంన్నర చాలు, తర్వాత ముక్కలు వేసి మంట పెంచండి. ఇనుము మీద వచ్చినంత ముదురు రంగు రాదు గానీ నీళ్లు నిలవకుండా మాత్రం చేయొచ్చు.

ముక్కలు పొయ్యి దగ్గరికి రాకముందు కూడా కొంత తడి చేరుతుంది. విశాఖలో దీన్ని పట్టించుకోవాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పుట్టగొడుగులను మన ఉక్కపోతలో బయట పెడితే, చల్లటి నీళ్ల గ్లాసుకు చెమట పట్టినట్టు వాటి మీద కూడా నీటి పొర చేరుతుంది. ప్యాకెట్ మీది ప్లాస్టిక్ లోపల బొట్లు కనిపించడం మీరు చూసే ఉంటారు. రైతుబజార్ నుంచో సూపర్ మార్కెట్ నుంచో తెచ్చిన రోజే ఆ ప్లాస్టిక్ చింపేసి, కాగితమో పలచటి గుడ్డో పరిచిన గిన్నెలో వదులుగా ఉంచి ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్ గాలి పొడిగా ఉంటుంది కనుక పైతడి తీసేస్తుంది. ఒకటి రెండు రోజులకు కాస్త వాడి, గొడుగు అంచులు విచ్చుకున్నట్టు కనిపిస్తే కంగారు పడొద్దు. నీరు కొంత తగ్గిన పుట్టగొడుగు ఇంకా బాగా వేగుతుంది. జిగురు పట్టి, వాసన మారితే మాత్రం పారేయాల్సిందే.

కడగొచ్చా వద్దా అని పెద్ద చర్చ జరుగుతుంటుంది. మట్టి ఉంటే కడగండి. కుళాయి కింద పెట్టి గబగబా కడిగితే పుట్టగొడుగు లోపలికి పీల్చుకునే నీరు చాలా తక్కువ, దానిలో ముందే ఉన్న నీటితో పోలిస్తే లెక్కలోకి రాదు. ఇబ్బంది పెట్టేది పైన అంటుకున్న తడి. కోయకముందే కడిగి, కోయకముందే గుడ్డతో తుడవండి. కోసిన తర్వాత కడిగితే మడతల్లో పట్టిన నీరు ఇక తుడవడానికి రాదు. తుడిచినవి ఫ్యాను కింద పది నిమిషాలు ఆరితే మరీ మంచిది.

సరే, 400 గ్రాములు, ఇనుప పెనం, రెండు విడతలు. ఈ లెక్కన మొదటి నుంచి చివరి దాకా చెబుతాను.

కాడ చివర ఎండిన భాగం మాత్రం కోసేసి, మిగతా కాడతో సహా 8 మిల్లీమీటర్ల ముక్కలుగా కోయండి. చిన్నవైతే నిలువునా రెండు చెక్కలు చేస్తే చాలు, కోసిన ముఖం చదునుగా పెనానికి ఆనుతుంది కాబట్టి ఆ ముఖానికి మంచి రంగు వస్తుంది. మరీ పలచగా కోస్తే రంగు వచ్చేలోపే ఎండి అప్పడం ముక్కల్లా అవుతాయి.

పెనాన్ని మీడియం మంట మీద మూడు నిమిషాలు కాల్చండి. నాలుగు చుక్కల నీళ్లు చిలకరించి చూడండి. చుక్క అక్కడే కూర్చుని మెల్లగా బుడగలొచ్చి ఆరితే ఇంకా కాలలేదు. సుయ్‌మని ముత్యంలా ముద్దకట్టి పెనమంతా పరుగెడితే సరిపోయింది. ఇప్పుడు రెండు టీస్పూన్ల నూనె వేసి పెనమంతా పూయండి. వేరుశనగ నూనె గానీ రిఫైన్డ్ పొద్దుతిరుగుడు నూనె గానీ బాగుంటాయి. గానుగ నూనె ఈ వేడికి తొందరగా పొగ వస్తుంది, మొదట్లో వద్దు. వెన్న కూడా అంతే, దానిలోని పాల పదార్థం మాడిపోతుంది. వెన్న రుచి కావాలంటే దింపే ముందు ఒక స్పూను వేసుకోండి. నూనె ఎక్కువ వేయకపోవడానికి ఇంకో కారణముంది: పచ్చి పుట్టగొడుగు లోపల గాలి గదులు చాలా ఉంటాయి, నూనె ఎంత పోసినా పీల్చేసి ఇంకా కావాలన్నట్టు కనిపిస్తుంది. నిజంగా చాలలేదేమో అని మళ్లీ పోస్తాం. తీరా ముక్క ముడుచుకునేసరికి పీల్చిందంతా కక్కేస్తుంది.

ఒక ప్యాకెట్ ముక్కలను చేత్తో ఒక్కొక్కటిగా పరవండి, గిన్నె బోర్లించొద్దు. పరవగానే మంట హైకి పెంచండి. చల్లటి ముక్కలు పడ్డాక మొదటి నాలుగు నిమిషాలే పెనానికి గట్టి వేడి కావాలి. ఇక్కడ బీచ్ వైపు కిటికీ ఉన్న వంటిళ్లలో సముద్రపు గాలికి మంట ఒక పక్కకు వాలిపోతుంది. పెనం ఒక సగం కాలి, రెండో సగం చల్లగా ఉంటుంది, ఆ సగంలోనే నీళ్లు చేరతాయి. ఆ కాసేపు కిటికీ మూయండి.

ఇప్పుడు చేయాల్సిన కష్టమైన పని ఏమీ చేయకుండా ఉండటం. మూడు నిమిషాల దాకా కదపొద్దు, మూత పెట్టొద్దు. మీరు వినాల్సింది చప్పుడు. ముక్క వేగుతుంటే చిటపటలాడుతూ ఎండు చప్పుడు వస్తుంది. అది కుతకుతమని మెత్తబడిందంటే నీళ్లు నిలుస్తున్నాయి. కళ్లకు కనిపించకముందే చెవికి తెలుస్తుంది. ముక్కల పైముఖం మీద చిన్నచిన్న నీటి బొట్లు తేలడం మాత్రం మామూలే, కింది వైపు వేడి పైకి చేరిందని అర్థం.

మూడు నిమిషాలకు ఒక ముక్క కిందికి అట్లకాడ తోసి చూడండి. తేలిగ్గా ఊడి, కింద వేయించిన వేరుశనగ పప్పు రంగు వచ్చి ఉంటే తిప్పే వేళ అయింది. అతుక్కుని మొరాయిస్తే ఇంకో అరనిమిషం ఆగండి. బలవంతంగా గీరితే రంగు పట్టిన పొర పెనం మీదే ఉండిపోతుంది. తిప్పేటప్పుడు అంచున ఉన్న ముక్కలను మధ్యకు, మధ్యవి అంచుకు మార్చండి, ఎందుకంటే గృహ బర్నర్ వేడి 30 సెంటీమీటర్ల పెనం అంచు దాకా సమంగా అందదు.

రెండో వైపుకు రెండు నుంచి రెండున్నర నిమిషాలు. ఈపాటికి ముక్కలు బాగా ముడుచుకుని ఖాళీ ఎక్కువవుతుంది, చిటపట తగ్గుతుంది. అంటే ఆవిరి కావాల్సిన నీరు చాలా వరకు పోయింది. ఇక్కడ మంట మీడియంకు తగ్గించాలి. ఇప్పుడు మిగిలిన వేడిని ఆపడానికి నీరు లేదు, హైలోనే ఉంచితే నిమిషంలో మాడు వాసన వస్తుంది. ఇంకో నిమిషం కలుపుతూ వేయించి ప్లేటులోకి తీయండి. వంటింటి తూకం ఉంటే ఒకసారి తూచి చూడండి. 200 గ్రాములకు 100 గ్రాముల చుట్టుపక్కల వస్తే సరిగ్గా ఉన్నట్టు. 140 ఉందంటే లోపల ఇంకా నీరుంది, ప్లేటులో పెట్టాక అది బయటికొచ్చి ముక్కలు మెత్తబడతాయి.

రెండో ప్యాకెట్ వేసే ముందు పెనాన్ని తుడిచి, మళ్లీ ఒక నిమిషం కాలనివ్వండి. చాలామంది రెండో విడత పాడుచేసుకునేది ఇక్కడే. పెనం చల్లారింది, ముక్కలు మాత్రం వెంటనే పడ్డాయి, మళ్లీ పాత కథ. తీసిన ముక్కలను కూడా గిన్నెలో కుప్ప పోసి మూత పెట్టకండి, సొంత ఆవిరికే తడిసిపోతాయి. వెడల్పు పళ్లెంలో పరవండి.

మొత్తం సమయం? ఒక్కో విడతకు ఎనిమిది నిమిషాల దాకా, రెండు విడతలకు పదహారు, మధ్యలో పెనం కాలడానికి ఒకటి. నిజం చెప్పాలంటే మీ పద్ధతిలో రెండు ప్యాకెట్లూ ఒకేసారి వేసి ఓపిగ్గా నీళ్లు ఇంకే దాకా, తర్వాత ఎర్రబడే దాకా ఆగినా దాదాపు అంతే పడుతుంది, ఎందుకంటే ఆవిరి చేయాల్సిన నీరు అదే, బర్నర్ అదే. విడతలుగా వేయడం వల్ల సమయం కలిసిరాదు. ముక్క మొదటి నిమిషం నుంచే రంగెక్కుతుంది, రుచి ముక్కలోనే ఉంటుంది, అదీ లాభం.

ఉప్పు ఇప్పుడు వేయాలి. రెండు విడతల ముక్కలూ కలిపి పెనం మీదికి తెచ్చాక, 400 గ్రాముల పచ్చి ముక్కలకు అర టీస్పూను మెత్తటి ఉప్పు, అదీ తలకొట్టి. సగానికి సగం తగ్గిపోయాయి కాబట్టి పచ్చి ముక్కల గుట్ట చూసి వేసే అలవాటుతో వేస్తే ఉప్పు కషాయం అవుతుంది. గళ్లుప్పు వద్దు, తడి లేని ముక్కల మీద కరగదు, పళ్ల కింద పడుతుంది. ఈ దశలో ఉప్పు వేస్తే మళ్లీ నీరు రాదా అంటే, కాస్త చెమ్మ వస్తుంది. కానీ లాగడానికి మిగిలిన నీరే తక్కువ, కణాల పొరలు వేడికి ఎప్పుడో తెగిపోయాయి, వచ్చిన చెమ్మ పెనం వేడికి అరనిమిషంలో పోతుంది. పైగా ఆ చెమ్మే ఉప్పును ముక్కలకు సమంగా పట్టిస్తుంది. సోయా సాస్ వేసే అలవాటుంటే అది ఉప్పూ నీళ్లూ కలిసిన వస్తువే, దానికీ ఇదే వేళ, అప్పుడు ఉప్పు సగానికి తగ్గించండి.

మసాలా సంగతి వేగంగా చెప్పేస్తాను. ఉల్లిపాయలు కూడా నీళ్లు వదిలేవే, వాటిని విడిగా వేయించి చివర కలపండి. అల్లం వెల్లుల్లి ముద్ద తడిగా ఉంటుంది, మాడుతుంది కూడా. పుట్టగొడుగులను అంచులకు జరిపి, మంట తగ్గించి, మధ్యలో ఒక స్పూను నూనెలో అర నిమిషం ఆ ముద్దను వేయించి అప్పుడు కలపాలి. కరివేపాకు, అప్పుడే దంచిన మిరియాలు ఒక టీస్పూను, కావాలంటే పావు స్పూను కారం, చిటికెడు పసుపు. మంట సిమ్‌లో ఒక నిమిషం చాలు. నిమ్మరసం పొయ్యి కట్టేశాకే.

ఇవన్నీ చదివే ఓపిక లేక ఈపాటికే పాన్‌లో నీళ్లు నిలిచి ఉంటే, వంపేసి సింకులో పోయకండి, రుచి అంతా దానిలోనే ఉంది. ముక్కలు తక్కువగా ఉంటే మంట హైలో ఉంచి మూత లేకుండా ఇంకనివ్వండి. చప్పుడు కుతకుత నుంచి చిటపటకు మారిన క్షణంలో ఒక స్పూను నూనె వేసి, మీడియంకు తగ్గించి, అప్పటి నుంచి నాలుగైదు నిమిషాలు వేయించండి. నీళ్లు మరీ ఎక్కువగా ఉంటే ఒక గిన్నెలోకి వంచి పెట్టుకుని, ముక్కలు ఎర్రబడ్డాక ఆ రసాన్ని తిరిగి రెండు స్పూన్లు పోసి ఇంకించండి, లేదా పులావులో నీళ్లకు బదులు పోయండి. ముందే ఉప్పు వేసి ఉంటే ఆ రసంలోనూ ఉప్పు ఉందని మరవకండి.

ఇంకిన తర్వాత కూడా ఎంతసేపు వేయించినా చితికిపోతాయేమో అన్న భయం అక్కర్లేదు. కూరగాయలు ఎక్కువ ఉడికితే మెత్తబడిపోతాయి. పుట్టగొడుగు కణాల గోడలో ఉండేది కైటిన్, అది వంటింటి వేడికి కరగదు. అందుకే అరగంట ఉడికినా ముక్క ముక్కలాగే ఉంటుంది. ఈ గుణం వల్లే ఒక కిలో, రెండు కిలోలు చేయాల్సి వచ్చినప్పుడు పూర్తిగా వేరే దారి పట్టొచ్చు. వెడల్పాటి గిన్నెలో ముక్కలన్నీ ఒకేసారి వేసి, కావాలనే ఉప్పు కూడా ముందే వేసి, నీళ్లన్నీ వదిలించి, ఇంకించి, ముడుచుకున్న ముక్కలను విడతలుగా పెనం మీద ఎర్రగా వేయించడం. ముక్కలు చిన్నవవుతాయి, పై రంగు కాస్త తక్కువ, కానీ పది మందికి వండేటప్పుడు ఎనిమిది నిమిషాల విడతలు పదిసార్లు నిలబడటం కన్నా ఇది నయం. పులుసు, కుర్మా, బిర్యానీలకైతే ముందే ఉప్పు వేయడం తప్పే కాదు. అక్కడ ఆ ఊట గ్రేవీలోకే పోతుంది, ముక్కకు లోపలి దాకా ఉప్పు పడుతుంది.

హోటల్లో తిన్నట్టు రావడం లేదని బాధపడకండి. అక్కడి బర్నర్ల మంట ఇంటి స్టౌకు కొన్ని రెట్లుంటుంది, అందుకే అర కిలో ఒకేసారి వేసినా నీళ్లు నిలవవు. ఇక స్టార్టర్ పేరుతో వచ్చే ఎర్రటి పుట్టగొడుగులైతే చాలాచోట్ల కార్న్‌ఫ్లోర్ ముంచి నూనెలో దేవినవి, ఆ రంగుకు పుట్టగొడుగుతో సంబంధం లేదు.

రకాలు మారితే చిన్న మార్పులు. ముత్యపు చిప్ప పుట్టగొడుగులు పలచగా ఉంటాయి, కత్తితో కాకుండా చేత్తో పీచులుగా చీల్చి వేస్తే ఐదు నిమిషాల్లో అంచులు కరకరలాడతాయి. పాల పుట్టగొడుగు కాడ దట్టంగా ఉంటుంది, దానిని అర సెంటీమీటరు బిళ్లలుగా కోసి గొడుగు భాగం కన్నా రెండు నిమిషాలు ముందు వేయండి. డబ్బాల్లో ఉప్పునీళ్లలో వచ్చేవాటి మీద ఆశ పెట్టుకోవద్దు. ఎంత పిండి ఆరబెట్టినా ఎర్రబడటం అరకొరగానే ఉంటుంది, వాటిని కూరకు వాడుకోవడమే మంచిది.

మిగిలిపోతే ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటాయి. మైక్రోవేవ్‌లో వేడిచేస్తే ముక్క లోపలి చెమ్మ పైకొచ్చి మళ్లీ మెత్తబడతాయి. నూనె వేయకుండా వేడి పెనం మీద పరిచి మీడియంలో రెండు నిమిషాలు ఉంచితే అంచులు తిరిగి గట్టిపడతాయి.